వీడియో కాల్‌లో పేషెంట్‌ని చూస్తే కేస్ షీట్ ఎలా రాయాలి

కొన్నేళ్ల కిందట ఫోన్‌లో ఒకాయనకి దగ్గు గురించి సలహా ఇచ్చి, కంప్యూటర్‌లో రెడీగా ఉన్న టెంప్లేట్‌కి ఓకే కొట్టేశాను. నెల తరవాత ఆయన క్లినిక్‌కి వచ్చినప్పుడు పాత షీట్ తీస్తే అందులో ఇలా ఉంది: "ఊపిరితిత్తులు రెండువైపులా క్లియర్. గుండె శబ్దాలు మామూలు. కాళ్ల వాపు లేదు." ఫోన్‌లో! స్టెతస్కోప్ నా మెడలోనే ఉంది, పేషెంట్ డెబ్బై కిలోమీటర్ల అవతల ఉన్నాడు. అదృష్టం, ఆయనకేం కాలేదు. అయి ఉంటే, ఆ మూడు వాక్యాలు నా సంతకంతో ఉన్న మూడు అబద్ధాలు.

అప్పటినుంచి ఫోన్, వీడియో కన్సల్టేషన్లకి ఆ టెంప్లేట్ జోలికి పోవడం లేదు. ఎలా రాస్తున్నానో ఒక కేసు పట్టుకుని చెబుతాను. కొత్తగా ప్రాక్టీస్ పెట్టిన డాక్టర్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. వివరాలన్నీ గుర్తుపట్టకుండా మార్చినవే. షీట్ మనం ఎలాగూ ఇంగ్లీషులోనే రాస్తాం, ఇక్కడ మాత్రం తెలుగులో చూపిస్తాను.

కేసు ఇది. తెనాలి దగ్గర పల్లెలో ఉండే 64 ఏళ్ల పెద్దావిడ. పన్నెండేళ్లుగా షుగర్. నాలుగు నెలల కిందట విజయవాడలో నా క్లినిక్‌కే వచ్చి షుగర్, బీపీ మందులు రాయించుకెళ్లింది. ఇప్పుడు కుడి అరికాలిలో, బొటనవేలి కింద పుండు. అపాయింట్‌మెంట్ బుక్ చేసింది డాలస్‌లో ఉన్న కొడుకు. కాల్‌లో ముగ్గురు: పల్లెలో అత్తాకోడళ్లు, అమెరికా నుంచి ఆయన.

కాల్ ఎత్తకముందే తేల్చుకోవాల్సినది

మన దేశంలో దీనికి ఆధారం 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ ప్రాక్టీస్ గైడ్‌లైన్స్. డాక్టర్ల వృత్తి నియమావళికి ఐదో అనుబంధంగా చేర్చారు. మాట్లాడేది వాట్సాప్‌లో అయినా, మామూలు ఫోన్ కాల్‌లో అయినా, ప్రత్యేక యాప్‌లో అయినా డాక్టర్‌గా మీ బాధ్యత ఒకటే.

మొదట తేల్చుకోవాల్సింది, ఇది మొదటి కన్సల్టేషనా, ఫాలోఅప్పా అన్నది. గత ఆరు నెలల్లో మీరు నేరుగా చూసి ఉండాలి, ఇప్పుడు మాట్లాడేది కూడా అదే జబ్బు గురించి అయి ఉండాలి. అప్పుడే అది ఫాలోఅప్. ఈవిడని నాలుగు నెలల కిందటే చూశాను కదా అని చాలామంది ఫాలోఅప్ అని రాసేస్తారు. షుగర్ మందుల వరకు అది నిజమే. పుండు మాత్రం కొత్త సమస్య, కాబట్టి పుండు విషయంలో ఇది మొదటి కన్సల్టేషన్. షీట్‌లో రెండూ విడివిడిగా రాయండి. ఏ మందు రాయొచ్చు అన్నది దీని మీదే ఆధారపడుతుంది.

మనిషి ఆ మనిషేనా

పేరు తెలియని వాళ్లకి సలహా ఇవ్వకూడదని గైడ్‌లైన్స్ స్పష్టంగా చెబుతాయి. పేరు, వయసు, చిరునామా, ఫోన్ నంబర్, ఈమెయిల్, ఏదైనా గుర్తింపు కార్డు, వీటిలో మీకు సబబు అనిపించిన వాటితో నిర్ధారించుకోవాలి. అయితే పల్లె ఇళ్లలో వీటిలో సగం పనికిరావు. ఫోన్ నంబర్ ఇంటిల్లిపాదికీ ఒకటే. పుట్టినతేదీ అడిగితే ఆధార్‌లో ఉన్న జనవరి 1 చెబుతారు. ఆ వయసు వాళ్లలో ఎంతోమందికి ఆధార్‌లో అదే తేదీ ఉంటుంది, కాబట్టి మనిషిని గుర్తుపట్టడానికి అది చాలదు.

నేను చేసేది ఇది. "మీరు ఫలానా గారేనా అండీ?" అని అడగను. లైన్ సరిగా వినపడకపోయినా అవతలివాళ్లు "ఆఁ" అంటారు. "మీ పేరేంటమ్మా? ఏ ఊరు? మీ ఇంటాయన పేరు? పోయినసారి నా దగ్గరికి దేనికొచ్చారు?" అని అడిగి వాళ్లచేత చెప్పిస్తాను. చెప్పినవి పాత షీట్‌తో సరిపోవాలి. కనీసం రెండు సరిపోయాకే ముందుకెళ్తాను. మొహం కెమెరాలో ఒకసారి చూస్తాను. కొత్త పేషెంట్ అయితే కార్డు కెమెరాకి చూపించమంటాను. చూశాక "ఆధార్ చూశాను, చివరి నాలుగు అంకెలు ఇవి" అని రాస్తాను తప్ప కార్డు ఫొటో పంపమనను. నా ఫోన్ గ్యాలరీలో జనాల ఆధార్ కార్డులు పోగేసుకోవడం నాకిష్టం లేదు.

పిల్లలైతే పక్కన పెద్దవాళ్లు ఉండి తీరాలి. ఆ పెద్దవాళ్లెవరో కూడా నిర్ధారించుకుని రాయాలి.

గుర్తింపు మన వైపు నుంచి కూడా చూపాలి. కాల్ మొదట్లోనే మీ పేరు, డిగ్రీ చెప్పండి. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ప్రిస్క్రిప్షన్ మీద, రసీదు మీద, వాట్సాప్‌లో పంపే సందేశాల్లో కనిపించాలి.

చాలా షీట్లలో లేని గడి ఇంకొకటి ఉంది. పేషెంట్ ఈ నిమిషంలో ఎక్కడ ఉన్నారు? రికార్డులో ఉన్న అడ్రస్ కాదు, ఇప్పుడు కూర్చున్న చోటు. కాల్ మధ్యలో స్పృహ తప్పితే 108కి ఫోన్ చేయాల్సింది అక్కడున్న మనిషే. డాలస్‌లో ఉన్న కొడుకు చేయలేడు. అందుకే కోడలి పేరు, నంబర్, ఊరు, ఇంటి గుర్తు (రామాలయం వెనక) ముందే రాసుకున్నాను.

ఒప్పుకుంది ఎవరు

పేషెంట్ తనంతట తాను కాల్ చేస్తే, ఆ చేయడంలోనే సమ్మతి ఉన్నట్టు లెక్క. కాల్ డాక్టర్ వైపు నుంచో, హెల్త్ వర్కర్ నుంచో, ఇంట్లోవాళ్ల నుంచో మొదలైతే మాత్రం నోటితోనో రాతతోనో స్పష్టమైన సమ్మతి తీసుకుని రికార్డులో పెట్టాలి. మెసేజ్ అయినా చాలు, ఆడియో అయినా చాలు.

మన కేసులో బుక్ చేసింది, ఫీజు కట్టింది, మొదట మాట్లాడింది అంతా కొడుకే. "అమ్మకి ఓకే డాక్టర్ గారూ, మీరు చూడండి" అన్నాడు. అది ఆయన సమ్మతి, ఆవిడది కాదు. ఆవిడకి మతి స్థిమితంగా ఉంది, మాట్లాడగలదు. కాబట్టి ఆవిడనే అడిగాను: "అమ్మా, నేను మిమ్మల్ని ఫోన్‌లోనే చూస్తున్నాను. చెయ్యి పెట్టి చూడలేను కాబట్టి కొన్ని విషయాలు నాకు తెలియవు. అవసరమైతే ఆస్పత్రికి వెళ్లమంటాను. ఇలా చూడటం మీకు సమ్మతమేనా?"

"ఆ, చూడు బాబూ. పొలం పనుల్రోజులు, అంత దూరం ఎక్కడ రాగలం" అంది. షీట్‌లో ఆ మాటలే రాశాను, టైముతో సహా. "సమ్మతి తీసుకోబడింది" అని రబ్బరు స్టాంపులా కొట్టకండి. ఎవరు, ఏ మాటల్లో, ఎన్నింటికి చెప్పారో రాస్తే అది పేషెంట్ గొంతులా వినిపిస్తుంది.

తరవాత ఇంకో రెండు విడిగా అడిగాను. కొడుకు లైన్‌లో ఉంటే ఫర్వాలేదా, పుండు ఫొటో రికార్డులో దాచుకోవచ్చా అని. ఒకదానికి ఒప్పుకున్నారని అన్నిటికీ ఒప్పుకున్నట్టు కాదు. వీడియో రికార్డ్ చేస్తే దానికీ వేరుగా అడగాలి. నేనైతే చేయను, కాల్ జరిగిందని తెలిపే లాగ్ చాలు. కొన్నిసార్లు పెద్దవాళ్లు పిల్లల ముందు నిజం చెప్పరు, ముఖ్యంగా మందులు మానేసిన సంగతి. అందుకే రెండు నిమిషాలు కొడుకుని లైన్ నుంచి తప్పుకోమన్నాను. అప్పుడు బయటపడింది, షుగర్ మాత్రలు మూడు వారాలుగా సగమే వేసుకుంటోందట.

పెద్దావిడ లేకుండా కొడుకు ఒక్కడే మాట్లాడి ఉంటే లెక్క వేరు. ఆవిడ ఇచ్చిన అధికార పత్రమో, బంధుత్వం తెలిపే కాగితమో కావాలి, లేదా అంతకుముందు క్లినిక్‌కి వచ్చినప్పుడు ఆవిడే "నా తరఫున వీడు మాట్లాడతాడు" అని చెప్పి ఉండాలి. ఇంకోటి, చివర్లో ఆయన "పనిలో పనిగా నా థైరాయిడ్ మాత్ర కూడా చెప్పండి" అన్నాడు. ఆయన కూర్చుంది అమెరికాలో. ఈ గైడ్‌లైన్స్ దేశం దాటిన కన్సల్టేషన్లకి వర్తించవు. కాదన్నాను, కాదన్నట్టు ఒక లైను రాసుకున్నాను.

అసలు కష్టం ఇక్కడ: చూసింది, విన్నది, చూడలేనిది

ఫోన్ కన్సల్టేషన్ షీట్‌లో పరీక్ష భాగాన్ని నేను మూడు ముక్కలు చేస్తాను. వాళ్లు చెప్పింది. కెమెరాలో నాకు కనిపించింది. నేను చేయలేకపోయింది. మూడోది ఖాళీగా ఉన్న షీట్ చూస్తే నాకు అనుమానమే. "వాపు లేదు" అన్నమాటకీ "వాపు ఉందో లేదో చూడలేదు" అన్నమాటకీ మధ్య ఒక కాలు పోయేంత తేడా ఉంది.

ఈవిడ పాదం కెమెరా ముందు పెట్టగానే పుండు పచ్చగా కనిపించింది. చీము పట్టిందా, కండ చచ్చిందా? రెండూ కాదు, పసుపు. "పొద్దున్నే పసుపు రాశామండీ" అంది కోడలు. పసుపు రాసినా, బీటాడిన్ పోసినా పుండు రంగు గురించి మీరేం రాసినా అది ఊహే. కాచి చల్లార్చిన నీళ్లతో మెల్లగా కడిగించి, శుభ్రమైన గుడ్డతో అద్దించి, వాకిట్లో వెలుతురులో ఫొటో తీసి పంపమన్నాను. ఆగి ఆగి వచ్చే వీడియో కంటే నిలకడగా తీసిన ఫొటో నయం. ట్యూబ్‌లైట్ కింద, చామనఛాయ చర్మం మీద ఎరుపు తేలిగ్గా దాక్కుంటుంది. సైజు కోసం చాలామంది రూపాయి బిళ్ల పెట్టమంటారు. రూపాయి బిళ్ల సైజు ఏళ్లతో మారుతూ వచ్చింది, ఏ బిళ్లో తెలియకపోతే కొలత తప్పుతుంది. మనవడి స్కూలు స్కేలు పక్కన పెట్టించాను. పుండు సుమారు 2 సెంటీమీటర్లు, చుట్టూ ఎరుపు అంచు నుంచి 2 సెంటీమీటర్లు దాటి పాకింది.

తరవాత కోడలి చేత కొన్ని చేయించాను. చెయ్యి వెనకభాగంతో రెండు పాదాలూ తాకి పోల్చమన్నాను. కుడిది వేడిగా ఉందని చెప్పింది. అత్తగారిని కళ్లు మూసుకోమని, రెండు కాళ్లకీ బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు కొసల్ని ఒక్కో సెకను మెత్తగా తాకమన్నాను. నొక్కకూడదు, గీకకూడదు. మొత్తం ఆరు చోట్లలో రెండో అంతకంటే ఎక్కువో తెలియకపోతే స్పర్శ తగ్గినట్టు. ఈవిడకి నాలుగు చోట్ల తెలియలేదు. ఇంట్లో ఉన్న మెషిన్లలో షుగర్ 286, జ్వరం 100.2. ఇవన్నీ షీట్‌లో "కోడలు చేసి చెప్పింది", "ఇంటి మెషిన్‌లో" అన్న మాటలతోనే ఉండాలి. నేను పరీక్ష చేసినట్టు ఉండకూడదు.

ఇక నాకు తెలియనివి. పాదంలో నాడి ఆడుతోందా? అలవాటు లేని చేతికి అది దొరకదు. దొరికిందన్నా నమ్మలేం, అందుకే అడగలేదు. పుండు లోతెంత, ఎముకదాకా వెళ్లిందా? పైకి చిన్నగా కనిపించి లోపల సొరంగంలా పాకిన పుండ్లు షుగర్ కాళ్లలో మామూలే. వాసన? కెమెరాకి ముక్కు లేదు. కోడలు "కొంచెం వస్తోందండీ" అంది. లోపల చీము కదులుతోందా అన్నది వేలితో నొక్కితేనే తెలుస్తుంది. ఈ నాలుగూ తేలకుండా ఈ పుండుకి ఇంట్లో వైద్యం చేయలేం. కాబట్టి నిర్ణయం కూడా అక్కడే తేలిపోయింది, ఇవాళే ఎవరో ఒకరు చెయ్యి పెట్టి చూడాలి.

మందు రాయడం, రాయకపోవడం

గైడ్‌లైన్స్‌లో మందులకి జాబితాలున్నాయి. పారాసిటమాల్, ఓఆర్‌ఎస్ లాంటివి 'ఓ' జాబితా, ఎలా మాట్లాడినా రాయొచ్చు. 'ఏ' జాబితాలోవి మొదటి కన్సల్టేషన్ అయితే వీడియోలోనే రాయాలి, ఫాలోఅప్‌లో పాత మందులు కొనసాగించడానికీ పనికొస్తాయి. 'బి' ఫాలోఅప్‌కే. షెడ్యూల్ ఎక్స్ మందులు, మత్తుపదార్థాల చట్టం కిందకి వచ్చేవి అసలు రాయకూడదు.

అందుకే కాల్ ఏ రూపంలో జరిగిందో నిమిషాలతో సహా రాయాలి. మా కాల్ 10:14కి తెగింది. మళ్లీ కలిసినప్పుడు సిగ్నల్ లేక మూడు నిమిషాలు ఆడియోనే నడిచింది, 10:20కి వీడియో వచ్చింది. షీట్‌లో "వీడియో కన్సల్టేషన్" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఈ సంగతి పోతుంది. వీడియో మళ్లీ రాకపోయి ఉంటే మొదటిసారి చూస్తున్న సమస్యకి 'ఏ' జాబితా మందు రాసే వీలు లేదు.

ఈవిడకి పాత షుగర్, బీపీ మాత్రలు వేళకి వేసుకోమన్నాను, నొప్పికి పారాసిటమాల్ చెప్పాను. కొడుకు "యాంటీబయాటిక్ రాసేయండి, నాలుగు రోజులు చూద్దాం" అని పట్టుబట్టాడు. రాయలేదు. ఎందుకు రాయలేదో మాత్రం రాశాను: లోతు తెలియదు, రక్తప్రసరణ తెలియదు, మాత్రతో పైపైన తగ్గినట్టు కనిపించి సర్జన్ దగ్గరికి వెళ్లడం ఆలస్యమవుతుంది.

"ఇవాళ వద్దులే" అంటే

నేను వెళ్లమన్నాను, ఆవిడ వెళ్లనంది. "ఇవాళ అమావాస్య బాబూ, రేపు పొద్దున్నే పోతాం." ఇలాంటప్పుడు షీట్‌లో "పేషెంట్ నిరాకరించింది" అని రాసి చేతులు దులుపుకోవద్దు. ఏం చెప్పారు, ఆలస్యమైతే ఏం జరగొచ్చని చెప్పారు, ఆవిడ ఏమంది, చివరికి ఏం తేలింది, నాలుగూ రాయండి. "అమ్మా, ఎరుపు పైకి పాకుతోంది, జ్వరం మొదలైంది. ఒక్క రాత్రిలో వేలు నల్లబడొచ్చు, వేలు తీసేయాల్సి రావచ్చు" అని చెప్పాను. కొడుకూ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. మధ్యాహ్నం ఆటోలో వెళ్లడానికి ఒప్పుకుంది.

ఆపైన ఆవిడనే అడిగాను: "ఇప్పుడు నేనేం చెప్పానో నాకోసారి చెప్పండమ్మా." "అన్నం తిని తెనాలి పోవాలి, సర్జన్‌కి చూపించాలి, కాలు కింద మోపకూడదు, పసుపు రాయకూడదు" అంది. ఈ మాటలు కూడా షీట్‌లోకి వెళ్లాయి.

షీట్ చివరికి ఇలా తేలింది

> కాల్: ఉ. 10:05–10:31. వీడియో, 10:14కి తెగింది, 10:17–10:20 ఆడియో మాత్రమే.
> మొదలుపెట్టింది: కొడుకు (డాలస్). పేషెంట్ స్వయంగా మాట్లాడింది. కోడలు పక్కనే ఉంది.
> గుర్తింపు: పేరు, ఊరు, భర్త పేరు, పోయినసారి వచ్చిన కారణం ఆవిడే చెప్పింది, పాత షీట్‌తో సరిపోయాయి. మొహం చూశాను.
> ఇప్పుడున్న చోటు: సొంత ఇల్లు, రామాలయం వెనక. కోడలి నంబర్ తీసుకున్నాను.
> సమ్మతి: ఉ. 10:08, "ఆ, చూడు బాబూ." పరిమితులు ముందే చెప్పాను. కొడుకు ఉండటానికి, ఫొటో దాచడానికి విడిగా ఒప్పుకుంది.
> రకం: షుగర్, బీపీకి ఫాలోఅప్. పుండుకి మొదటి కన్సల్టేషన్.
> చెప్పింది: పుండు 5 రోజులుగా. షుగర్ మాత్రలు 3 వారాలుగా సగమే. కొంచెం వాసన (కోడలు).
> ఇంట్లో చూసింది: షుగర్ 286, జ్వరం 100.2 (ఇంటి మెషిన్లు). కుడి పాదం వేడి. వేళ్ల స్పర్శ 6లో 4 చోట్ల లేదు (కోడలు చేసి చెప్పింది).
> కెమెరాలో, ఫొటోలో: కుడి అరికాలు, బొటనవేలి కింద సుమారు 2 సెం.మీ. పుండు, అంచు నుంచి 2 సెం.మీ. దాటి ఎరుపు. పసుపు కడిగించాక తీసిన ఫొటో, స్కేలుతో.
> చేయలేకపోయింది: పాదం నాడి, పుండు లోతు, ఎముక, చీము.
> అంచనా: షుగర్ పాదంలో ఇన్‌ఫెక్షన్ సోకిన పుండు. తీవ్రత దూరం నుంచి తేల్చలేను.
> సలహా: ఇవాళే సర్జన్. పాత మాత్రలు, పారాసిటమాల్. యాంటీబయాటిక్ రాయలేదు: లోతు, రక్తప్రసరణ తెలియవు, సర్జన్ దగ్గరికి వెళ్లడం ఆలస్యమవుతుంది. మొదట రేపు వెళ్తానంది. ఆలస్యమైతే వేలు పోవచ్చని చెప్పాక ఇవాళ మధ్యాహ్నానికి ఒప్పుకుంది. సలహా తిరిగి సరిగ్గా చెప్పింది.

దీన్ని కాల్ అయిన పది నిమిషాల్లో రాశాను. సాయంత్రానికి వాయిదా వేస్తే ఏ మాట ఎవరన్నారో కలిసిపోతుంది. ఏదైనా మరిచిపోయి తరవాత గుర్తొస్తే పాత లైను చెరపకండి. కింద కొత్త తేదీ, టైము వేసి "ఆలస్యంగా చేర్చినది" అని రాయండి. సంతకం చేసిన ప్రిస్క్రిప్షన్ ఫొటో కోడలికి పంపి, ఒక కాపీ షీట్‌కి జోడించాను. కాల్ లాగ్, చాట్, ఫొటోలు, ప్రిస్క్రిప్షన్ అన్నీ రికార్డు కిందే లెక్క. వైద్యం మొదలుపెట్టిన తేదీ నుంచి మూడేళ్లు ఉంచాలి. పేషెంట్ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. వాట్సాప్‌లో ఉంది కదా అని వదిలేస్తే ఫోన్ మార్చిన రోజున అంతా పోతుంది. అందుకే ఫొటోని షీట్‌కి ఎక్కించి, ఫోన్‌లో తీసేశాను.

సాయంత్రం ఆరున్నరకి కోడలికి ఫోన్ చేశాను. అదీ రాశాను: "సా. 6:30, ఆడియో. మధ్యాహ్నం వెళ్లారు. సర్జన్ చూశారు, ఎక్స్‌రే తీశారు. పాదంలో నాడి ఆడుతోందన్నారట. పుండు లోపల జేబులా ఉందని కోసి శుభ్రం చేసి, అడ్మిట్ చేశారు. ఇదంతా కోడలు చెప్పింది, చీటీ నేనింకా చూడలేదు."